పిల్లి మళ్లీ వంటింట్లోకి ఎప్పుడొస్తుంది?

మీ ఇంట్లో వంటిల్లు, హాలు, వరండా వరసగా ఉన్నాయనుకోండి. పిల్లి గంటకోసారి పక్క గదిలోకి వెళ్తుంది. వంటిల్లు, వరండాల నుంచి హాల్లోకే దారి. హాల్లో ఉన్నప్పుడు మాత్రం నాణెం ఎగరేసినట్టే: బొమ్మ పడితే వంటిల్లు, బొరుసు పడితే వరండా. ఇప్పుడు వంటింట్లో ఉన్న పిల్లి మళ్లీ అక్కడికి రావడానికి సగటున ఎన్ని గంటలు పడుతుంది?

ముందు వాటాలు చూద్దాం. గంట విడిచి గంట పిల్లి హాల్లోనే ఉంటుంది. మిగిలిన సగం కాలాన్ని వంటిల్లు, వరండా సమంగా పంచుకుంటాయి. అంటే వంటింటి వాటా 1/4. దీర్ఘకాలంలో నిలకడగా ఉండే ఈ వాటాను ‘స్థిర సంభావ్యత’ అంటారు.

అలాగైతే 1000 గంటల్లో పిల్లి సుమారు 250 సార్లు వంటింట్లోకి వస్తుంది. ఒక రాకకూ తర్వాతి రాకకూ మధ్య ఉన్న విరామాలన్నీ కలిపితే దాదాపు ఆ 1000 గంటలే. 1000ని 250తో భాగిస్తే 4. చూశారా, 1/4ని తిరగేస్తే వచ్చేదీ 4 గంటలే!

ఇప్పుడు వేరే దారిలో సరిచూద్దాం. పిల్లి 2 గంటల్లో తిరిగొచ్చే అవకాశం 1/2. వరండాకు వెళ్లిన ప్రతిసారీ మరో 2 గంటలు ఆలస్యం. కాబట్టి 4 గంటలకు 1/4, 6 గంటలకు 1/8, ఇలా సాగుతుంది. సగటు: 2×1/2 + 4×1/4 + 6×1/8 + … = 4. సరిపోయింది!

ఒక్కటి గుర్తుంచుకోండి: వాటాను తిరగేసే ఈ సూత్రం బయల్దేరిన గదికే తిరిగి రావడానికి వర్తిస్తుంది. హాలు నుంచి మొదలుపెడితే వంటిల్లు చేరడానికి సగటున 3 గంటలే. నాణెం తీసుకుని మీరే లెక్కపెట్టి చూడండి.