టికెట్ డబ్బులు పులిహోరకే సరి

అమెరికాలోని ఓ మోస్తరు నగరంలో తెలుగు సంఘం ఉగాది వేడుక తలపెట్టిందనుకుందాం. 800 సీట్లున్న హైస్కూలు ఆడిటోరియం, హైదరాబాద్ నుంచి ఓ గాయని, ఆమెతో నలుగురు వాద్యకారులు, విస్తరి నిండా పండగ భోజనం. హాలు నిండితే డబ్బులు వచ్చేసినట్టేనని కార్యవర్గంలో కొత్తగా చేరినవాళ్లు లెక్క వేస్తారు. అనుభవమున్న ట్రెజరర్ మాత్రం ముందు హాలు ఒప్పందం తెరుస్తారు. ఇక్కడ వేసేది నమూనా లెక్కే. అంకెలు ఊరూరికీ మారతాయి, వరస మాత్రం ఇదే.

కార్యక్రమం సాయంత్రం 4 నుంచి రాత్రి 9 వరకే. అద్దె మాత్రం తలుపు తీసిన నిమిషం నుంచి లెక్క. మామిడి తోరణాలు కట్టడానికి, మైకులు సరిచూడడానికి మధ్యాహ్నం 12కే వెళ్లాలి. కుర్చీలు సర్ది, చెత్త ఎత్తి బయటపడేసరికి రాత్రి 11. గంటకు 200 డాలర్ల చొప్పున 11 గంటలకు 2,200. సెలవు రోజు కాబట్టి స్కూలు కస్టోడియన్‌కూ, స్టేజీ టెక్నీషియన్‌కూ గంటకు చెరో 50, అంటే 1,100. స్కూలు అడిగే బీమాకు మరో 200. మొత్తం 3,500 డాలర్లు. సన్మానాలు, ప్రసంగాలు సాగి సాగి ప్రోగ్రాం గంట ఆలస్యమైతే, తాళాల గుత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ కస్టోడియన్‌కు ఓవర్‌టైమ్ రేటు మొదలవుతుంది.

అసలు బరువు కళాకారులది. ఒక్కొక్కరికి 1,500 డాలర్ల విమాన టికెట్ అనుకుంటే ఐదుగురికి 7,500. ఒక్క సంఘం మోయలేదు కాబట్టి ఐదు ఊళ్ల సంఘాలు కలిసి వరస వారాంతాల్లో కచేరీలు పెట్టించుకుంటాయి. అప్పుడు ఒక్కో సంఘం వాటా 1,500కు దిగుతుంది. అమెరికాలో ఊరి నుంచి ఊరికి టికెట్లు 1,750, హోటల్ 900, వ్యాను, తిండి 400, పారితోషికం 6,000. వెరసి 10,550.

వీసా సంగతి ఇందులో చేర్చలేదు. టూరిస్టు వీసా మీద వచ్చి డబ్బు తీసుకుని కచేరీ చేయడం కుదరదు. మన సంప్రదాయ కళలు ప్రదర్శించే బృందాలను ఎక్కువగా పీ-3 వీసా మీద రప్పిస్తారు. దానికి అమెరికాలోని నిర్వాహకులే ముందుగా దరఖాస్తు పెట్టాలి. అది ఆమోదం పొందినా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఎవరిది వాళ్లదే. గాయనికి వీసా వచ్చి తబలా ఆయనకు రాకపోతే, స్థానికంగా మరొకరిని వెతికి రిహార్సల్ చేయించుకోవాలి. అందుకే ఆమోదపత్రం నకలు చూశాకే అడ్వాన్సు పంపాలి. వీసా రాకపోతే ఆ డబ్బు ఎవరు, ఎప్పటిలోగా వెనక్కివ్వాలో కాగితం మీద రాసుకోవాలి.

సౌండు, లైట్లకు 2,500, అలంకరణకూ జ్ఞాపికలకూ 1,450 కలిపితే, ఎంతమంది వచ్చినా తప్పని ఖర్చు 18,000 డాలర్లు.

ఇప్పుడు రాబడి. 800 సీట్లూ అమ్ముడుపోవు. డాన్సులు చేసే స్థానిక పిల్లలు 120 మంది, వాలంటీర్లు 40, స్పాన్సర్లకిచ్చే పాసులు 60. ఈ 220 మంది దగ్గర పైసా రాదు, ప్లేటు మాత్రం పెట్టాలి. మిగిలిన సీట్లలో 430 అమ్ముడైతే బాగా అమ్మినట్టే. పెద్దలు 280 మందికి 30 డాలర్ల లెక్కన 8,400, పిల్లలు 150 మందికి 15 లెక్కన 2,250. చేతికి వచ్చేది 10,650.

భోజనం ప్లేటుకు 12 డాలర్లు. తినేవాళ్లు 650 మంది, 7,800. టికెట్ డబ్బుల్లోంచి ఇది పోతే మిగిలేది 2,850. అది హాలు ఖర్చుకైనా చాలదు. మనవాళ్లు టికెట్లు ఆఖరి వారంలో కొంటారు, కేటరర్ మాత్రం నాలుగు రోజుల ముందే తల లెక్క అడుగుతాడు. ఎక్కువ చెబితే పులిహోర మిగులుతుంది, తక్కువ చెబితే ఆఖరి వరసకు పెరుగన్నమే. ముందుగా కొన్నవాళ్లకు ఐదు డాలర్లు తగ్గించడం ఈ లెక్క తేల్చుకోవడానికే.

ఇక లోటు 15,150. దాన్ని పూడ్చేది రియల్టర్లు, ఇండియన్ కిరాణా దుకాణాలు, రెస్టారెంట్లు, దంతవైద్యులు, కన్సల్టింగ్ కంపెనీలు ఇచ్చే స్పాన్సర్ చెక్కులు. బేనరు మీద పేరు, ముందు వరసలో సీట్లు, స్టేజీ మీద ఓ శాలువా వాళ్లకు దక్కేవి.

ఒక్కో టికెట్‌కు భోజనం పోను మిగిలేది సగటున 13 డాలర్లలోపే. అంటే 2,500 ఇస్తానన్న ఒక్క స్పాన్సర్ వెనక్కి తగ్గితే, దాదాపు 200 టికెట్లు అమ్ముడుపోనంత దెబ్బ. నోటి మాటగా ఒప్పుకున్న డబ్బును రాబడి కింద రాసుకుని కళాకారులకు అడ్వాన్సు పంపిన సంఘం, ఆ తేడాను చివరికి కార్యవర్గ సభ్యుల జేబుల్లోంచే కట్టుకోవాల్సి వస్తుంది. చెక్కు బ్యాంకులో పడ్డాకే అడ్వాన్సు. అప్పటికి సరిపడా చెక్కులు రాకపోతే ఐదుగురి బృందాన్ని ముగ్గురికి తగ్గించడమే దారి.