సమానమైతే ఎడమవాడే ముందు

మెర్జ్ సార్ట్ మీద అసైన్‌మెంట్ రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఒక చిన్న గుర్తు దగ్గర.

రోల్ నంబర్ల వరుసలో నలుగురి మార్కులు 85, 72, 90, 72 అనుకుందాం. జాబితాను సగానికి చీల్చి, ఏ సగానికి ఆ సగాన్ని సర్దితే ఎడమన 72 (రెండో నంబరు), 85. కుడిన 72 (నాలుగో నంబరు), 90 ఉంటాయి. ఇక కలపాలి. రెండు వరుసల మొదట నిలబడినవాళ్లనే పోల్చి, తక్కువ ఉన్నవాణ్ణి బయటికి పిలుస్తాం. ఒక వరుస ఖాళీ అయితే రెండోదాన్ని ఉన్నదున్నట్టు దించేస్తాం.

మొదటి పోలికలోనే 72కి 72 ఎదురైంది. ఇక్కడ రాయాల్సింది ఇదీ:

```
if L[i] <= R[j]
```

సమానమైతే ఎడమవైపు వాడు ముందు. ఫలితం: 2, 4, 1, 3 నంబర్లు. `<=` బదులు `<` రాస్తే 4, 2, 1, 3 వస్తుంది. మార్కులు మాత్రం రెండింటిలోనూ 72, 72, 85, 90 కాబట్టి, వాటినే చూసి సరిచూసుకునేవాళ్లకు తప్పు దొరకదు. రోల్ నంబరు కూడా అచ్చు వేసి చూడాలి.

నిరూపణకు రెండు సందర్భాలు చాలు. సమానమైన ఇద్దరూ ఒకే సగంలో ఉంటే, ఆ సగం సర్దినప్పుడే వాళ్ల వరుస నిలిచింది. ఒక్కడే ఉన్న జాబితాలో చెడడానికి వరుసే లేదు. కలిపేటప్పుడు ముందు నుంచే తీస్తాం కాబట్టి వెనకవాడు దాటలేడు. వేర్వేరు సగాల్లో ఉంటే, కుడివాడు ముందు రావాలంటే ఎడమ వరుస మొదటివాడికన్నా కచ్చితంగా తక్కువ కావాలి. తనతో సమానమైనవాడు ఎడమన ఇంకా మిగిలి ఉండగా అది జరగదు.