నేల వంగాలి, టైల్ వంగదు

బాత్రూం గోడకు రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న టైల్ బాగుంటుంది. అతుకులు తక్కువ కాబట్టి బోరు నీళ్ల తెల్ల చారలూ, సబ్బు జిడ్డూ పట్టే చోటూ తక్కువే. గోడ మాత్రం చదునుగా ఉండాలి.

అదే టైల్ షవర్ కింద పరిస్తే కథ మారుతుంది.

నాలుగడుగుల చదరం, మధ్యలో జాలీ అనుకుందాం. అడుగుకు పావు అంగుళం వాలు చొప్పున, గోడ దగ్గరికన్నా జాలీ దగ్గర నేల అరంగుళం దిగాలి. వాలు నాలుగు వైపుల నుంచీ వస్తుంది కనుక మూలల నుంచి జాలీ దాకా నాలుగు మడతలు పడతాయి. పెద్ద టైల్ మడతపడదు. ఆ గీత వెంట ఏటవాలుగా కోయాల్సిందే. కోయకుండా అతికిస్తే ఒక అంచు లేచి కాలికి తగులుతుంది, పక్కన నీళ్లు నిలుస్తాయి. ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు, మేస్త్రీ పనితనం తెలిసిపోతుంది.

రెండంగుళాల మొజాయిక్ ముక్కలు గ్రౌట్ గీతల దగ్గర వాలుకు తగ్గట్టు ఒదుగుతాయి. ఆ గీతలే తడికాలికి పట్టునిస్తాయి. రుద్దే పని మాత్రం తప్పదు. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువైనా మరకలు తక్కువ పీలుస్తుంది.

నేలకూ పెద్ద టైలే కావాలంటే జాలీని గోడవారగా పొడవాటిది పెట్టించాలి. అప్పుడు వాలు ఒకవైపే, మడతలుండవు.