తల వాలిన ముసలి కుక్క: జబ్బు చెవిలోనా, మెదడులోనా?

రాత్రి మామూలుగా అన్నం తిని పడుకున్న పదమూడేళ్ల లాబ్రడార్ తెల్లారేసరికి లేవలేకపోతుంది. లేవబోతే ఎడమవైపుకు పడిపోతుంది. తల ఎడమకు వాలిపోయి ఉంటుంది. కళ్లు ఒకచోట నిలవవు. మెల్లగా ఒక పక్కకు జారి, చటుక్కున రెండో పక్కకు గెంతుతూ ఆగకుండా కొట్టుకుంటుంటాయి. నోట్లోంచి చొంగ కారుతుంది, వాంతి చేసుకుంటుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతమే అనుకుంటారు. వయసైపోయింది కదా, ఇంక బాధపెట్టకుండా ఇంజెక్షన్ వేయించేద్దామన్న మాట కూడా ఆ ఉదయమే వచ్చేస్తుంది.

ఆ నిర్ణయం ఆ రోజు తీసుకోకూడదు. ఉన్నట్టుండి ఇలా పడిపోయిన ముసలి కుక్కల్లో చాలావాటికి జబ్బు మెదడులో ఉండదు, లోపలి చెవిలో ఉంటుంది. అది చూడటానికి ఎంత భయంకరంగా ఉంటుందో, తగ్గడం అంత తేలిక. అయితే మెదడు జబ్బులోనూ తల ఇలాగే వాలుతుంది, కళ్లు ఇలాగే కొట్టుకుంటాయి. రెంటినీ విడదీసి చూడగలగడమే ఇక్కడ అసలు విషయం.

శరీరం నిలకడగా ఉండటానికి రెండు లోపలి చెవుల నుంచీ నరాల ద్వారా మెదడుకు ఎప్పుడూ సంకేతాలు వెళ్తుంటాయి. తల ఏ వైపు తిరిగింది, ఎంత వంగింది అన్న లెక్క అది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి ఆగిపోతే బండి ఆ వైపుకే తిరిగిపోతుంది. ఒక చెవి సంకేతం ఆగిపోయినప్పుడూ అంతే: తల, ఒళ్లు జబ్బు ఉన్న వైపుకే ఒరుగుతాయి. కళ్లు కూడా ఆ వైపుకే నెమ్మదిగా జారతాయి, మెదడు వాటిని వెనక్కి లాగుతుంది. అందుకే ఆ గెంతు. ఈ సంకేతాలను అందుకునే కేంద్రాలు మెదడు కింది భాగమైన మెదడు కాండంలోనూ, చిన్నమెదడులోనూ ఉన్నాయి. దారి చెవి దగ్గర తెగినా, మెదడు దగ్గర తెగినా పైకి కనిపించేది ఒకటే.

కాబట్టి తలను చూసి తేల్చలేం, పాదాన్ని చూడాలి. పశువైద్యులు చేసే పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది చాలా చిన్నది. కుక్క పడిపోకుండా కడుపు కింద చెయ్యి వేసి నిలబెడతారు. తర్వాత ఒక్కో పాదాన్నీ మడిచి, పైభాగం నేలకు తగిలేలా పెడతారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే పాదాన్ని సరిగ్గా తిప్పి పెట్టుకుంటుంది. చెవి జబ్బున్న కుక్క తూలుతున్నా సరే, పాదాన్ని మాత్రం వెంటనే తిప్పుకుంటుంది. ఎందుకంటే పాదం ఎలా ఉందో తెలిపే నరాల దారికి చెవితో సంబంధం లేదు. ఆ దారి మెదడు కాండం గుండా వెళ్తుంది. అక్కడ దెబ్బ తగిలితే పాదం మడిచినట్టే ఉండిపోతుంది, లేదా ఆలస్యంగా తిరుగుతుంది. ఆ వైపు కాళ్లలో బలహీనత కూడా కనిపించవచ్చు.

అరుదుగా తల ఒక వైపుకు వాలి, పాదం రెండో వైపున తప్పుతుంది. అలాంటప్పుడు జబ్బు పాదం తప్పిన వైపే ఉందని, ఎక్కువగా చిన్నమెదడు ప్రాంతంలో ఉందని అనుమానిస్తారు. తల చెప్పేదీ పాదం చెప్పేదీ కలవనప్పుడు పాదాన్నే నమ్మాలి.

రెండో ఆధారం కళ్లు. చెవి జబ్బులో అవి అడ్డంగానో, గుండ్రంగా తిరుగుతున్నట్టో కొట్టుకుంటాయి. వేగంగా గెంతే దిశ జబ్బు లేని వైపుకు ఉంటుంది, కుక్కను ఎలా తిప్పినా ఆ దిశ మారదు. కళ్లు పైకీ కిందకీ కొట్టుకున్నా, వెల్లకిలా తిప్పగానే దిశ మారినా మెదడును అనుమానించాలి. మూడోది తెలివి. చెవి జబ్బున్న కుక్క భయపడుతుంది, వికారంతో ఉంటుంది, కానీ పిలిస్తే స్పందిస్తుంది. మత్తుగా పడి ఉండి, పిలిచినా పట్టించుకోకపోతే అది మంచి గుర్తు కాదు.

ఒక మూతి పక్క జారిపోయిందని గాభరాపడి మెదడు జబ్బని తీర్మానించకూడదు. ముఖాన్ని కదిలించే నరం చెవి పక్కనుంచే వెళ్తుంది కాబట్టి చెవిలో చీము పట్టినా మూతి జారుతుంది, రెప్ప సరిగా మూతపడదు.

మొదట చెప్పుకున్న లాబ్రడార్ సంగతికే వద్దాం. దాని నాలుగు పాదాలూ వెంటనే తిరిగాయి. కళ్లు అడ్డంగా, కుడివైపుకు గెంతుతున్నాయి. వెల్లకిలా తిప్పినా దిశ మారలేదు. పిలిస్తే తోక ఊపింది. చెవుల్లో చీము లేదు, కర్ణభేరి చెక్కుచెదరలేదు. ఇది కారణం తెలియకుండా ముసలి కుక్కలకు హఠాత్తుగా వచ్చే చెవి జబ్బు. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు, స్టెరాయిడ్ల అవసరమూ లేదు. వాంతులు ఆగడానికి మారోపిటాంట్ ఇంజెక్షన్, నీళ్లు తాగలేకపోతే సెలైన్ చాలు. మూడు రోజుల్లో కళ్లు నిలబడతాయి. వారానికి తూలుతూనే నడుస్తుంది. రెండు మూడు వారాల్లో దాదాపు మామూలైపోతుంది. తల కొద్దిగా వాలినట్టు మిగిలిపోవచ్చు, దానివల్ల ఇబ్బందేమీ ఉండదు. కొన్ని కుక్కలకు ఇది మళ్లీ రావచ్చు.

ఆ మూడు రోజులూ ఇంట్లో పని ఉంటుంది. నున్నటి టైల్స్ మీద అది నిలబడలేదు, కాబట్టి జారని చాప పరచాలి. మెట్ల దగ్గర అడ్డు పెట్టాలి. బయటికి తీసుకెళ్లేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకోవాలి. తల నిలబెట్టి, కొంచెం కొంచెంగా తినిపించాలి. ఎత్తుకుని అటూ ఇటూ తిప్పితే వికారం పెరుగుతుంది. చెవిలో చుక్కల మందు మాత్రం సొంతంగా వేయకండి. కర్ణభేరి చిరిగి ఉంటే జెంటామైసిన్ లాంటి మందులు లోపలి చెవినే దెబ్బతీస్తాయి.

చెవిలో చీము ఉంటే దారి వేరు. వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి. థైరాయిడ్ తగ్గినా ఇలాంటి లక్షణాలు రావచ్చు, అది రక్తపరీక్షలో తెలుస్తుంది.

ఇంకో కుక్కను చూద్దాం. పదకొండేళ్ల పామెరేనియన్. దీనికీ తల ఎడమకే వాలింది, కానీ రెండు వారాలుగా మెల్లమెల్లగా వాలింది. ఎడమ ముందు పాదం మడిచి పెడితే అలాగే ఉండిపోతోంది. ఎప్పుడూ నిద్రమత్తు. ఇక్కడ జబ్బు మెదడులోనే ఉంది. కణితా, వాపా, రక్తం అందకపోవడమా అన్నది ఎమ్మారై స్కాన్‌తో గాని తెలియదు. దానికి మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే, ఆ వసతి పెద్ద నగరాల్లోనే ఉంటుంది. పైగా తొలిరోజుల్లో కొన్ని మెదడు జబ్బులు చెవి జబ్బులాగే కనిపించి డాక్టర్‌ను కూడా పొరపాటు పడేలా చేస్తాయి. అందుకే పాదం పరీక్షను రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చేయించాలి.

మెదడు అనగానే ఆశ వదులుకోనక్కర్లేదు. చిన్నమెదడులో చిన్న భాగానికి రక్తం ఆగిన కుక్కలు చాలావరకు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మోతాదు మించినా, ఎక్కువ రోజులు వాడినా మెదడు జబ్బు లక్షణాలే వస్తాయి. మందు ఆపితే కొద్దిరోజుల్లో తగ్గుతాయి. ఇటీవల ఇచ్చిన మందుల పేర్లన్నీ డాక్టర్‌కు చెప్పాలనేది ఇందుకే.

ఆసుపత్రికి బయల్దేరే ముందు కళ్లను దగ్గర్నుంచి ఒక్క నిమిషం ఫోన్లో వీడియో తీయండి, అక్కడికి చేరేసరికి ఆ కదలిక ఆగిపోవచ్చు. పాదాల పరీక్ష చేయమని మీరే అడగండి. నాలుగు పాదాలూ సరిగ్గా తిరిగి, పిలిస్తే పలుకుతుంటే ఆ కుక్కకు 72 గంటలు సమయం ఇవ్వండి. ఈలోగా మత్తుగా అయిపోయినా, ఫిట్స్ వచ్చినా, కాళ్లు చచ్చుబడినా, లేదా మూడు రోజుల తర్వాత కూడా ఏమాత్రం మెరుగుపడకపోయినా ఇంకా ఆగకుండా మెదడు పరీక్షలకు వెళ్లాలి.