ఏజెన్సీకి వీడ్కోలు ఉత్తరం

ఒక దంత వైద్యశాల అనుకుందాం. నెలకు 12 పోస్టులు, 4 రీల్స్, ఒక రిపోర్టు ఇస్తామని సోషల్ మీడియా ఏజెన్సీ ఒప్పుకుంది. మూడో నెలలో వచ్చినవి 7 పోస్టులు, ఒక రీల్. రిపోర్టులో మాత్రం ‘రీచ్ బాగా పెరిగింది’ అని ఉంది. ఎంత నుంచి ఎంతకు? ఎన్ని ఫోన్లు వచ్చాయి? ఆ ఊసే లేదు. రీచ్ అంటే పోస్టు ఎంతమంది కంట పడిందన్న లెక్కే. పక్క జిల్లాలో చూసినవాళ్లు పన్ను చూపించుకోవడానికి ఇక్కడిదాకా రారు కదా!

డాక్టరుగారు ఒప్పందం రద్దు చేస్తూ రాసే ఉత్తరంలో కోపం కన్నా లెక్క ఎక్కువ పనిచేస్తుంది. ముందు ఒప్పందం తేదీ, రద్దుకు వీలిచ్చే షరతు నంబరు రాయాలి. తర్వాత నెలవారీగా ఒప్పుకున్నదెంత, అందినదెంత, గుర్తు చేస్తూ పంపిన మెయిళ్ల తేదీలేమిటి అన్నది. నోటీసు గడువు 30 రోజులైతే ఆఖరి రోజు ఏదో స్పష్టంగా చెప్పాలి. అందిన పనికి డబ్బు చెల్లిస్తామనీ రాయాలి. అది లేకపోతే గొడవ బిల్లు మీదికి మళ్లుతుంది.

చాలామంది మరిచేది తాళాల సంగతి. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎవరి పేరున ఉన్నాయి? ఏజెన్సీ ఉద్యోగి మెయిల్‌తో తెరిచి ఉంటే, ఉత్తరం పంపేముందే పూర్తి అధికారం వైద్యశాల చేతికి రప్పించుకోవాలి. రోగుల ఫొటోలు, వీడియోలు తిరిగిచ్చి, తమ దగ్గరి ప్రతులు చెరిపేశామని రాతపూర్వకంగా ఇవ్వమనడం కూడా అదే ఉత్తరంలో ఉండాలి.