గేటు అడుగున మొదలయ్యే తుప్పు

విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధిలో ఏ ఇనుప గేటునైనా వంగి చూడండి. పైన చువ్వలు బాగానే ఉంటాయి. అడుగు పట్టీ దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రం రంగు పొక్కులు లేచి ఉంటుంది. గోటితో గీకితే పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలుతుంది. నిరుడే రంగు వేయించామని, డబ్బా నాసిరకం అయి ఉంటుందని ఇంటివాళ్లు వాపోతారు. చాలాసార్లు తప్పు డబ్బాది కాదు, రంగు కింద వదిలేసిన ఉప్పుది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ ఉండాలి. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన పడని రోజున కూడా ఇనుము మీద కంటికి కనపడని తడి నిలుస్తుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది పై రంగును లోపలి నుంచి నెట్టి పొక్కులు లేపుతుంది.

కాబట్టి పని మొదలుపెట్టాల్సింది గీకుడుతో కాదు, కడగడంతో. ముందుగా గేటును మంచినీళ్లతో, బ్రష్షుతో బాగా రుద్ది కడగాలి. సముద్రం పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటిని వాడకూడదు. ఆరాక వదులుగా ఉన్న పెచ్చులను ఉలితోనో పట్టీతోనో లేపి, తర్వాత వైర్ బ్రష్, 80 నంబరు ఎమరీ కాగితం వాడాలి. వైర్ బ్రష్‌తో ఒక మోసం ఉంది. అది గట్టి తుప్పును తీసేయకుండా నున్నగా మెరిపిస్తుంది. ముదురు గోధుమ మెరుపు కనిపిస్తే అది ఇంకా తుప్పే. అసలు ఇనుము బూడిదరంగు తెలుపులో ఉంటుంది.

గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు తొలగించే మందు పనికొస్తుంది. డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, ఆరిపోకముందే కడిగి, గుడ్డతో తుడవాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం గేటు దగ్గరకు రానివ్వకండి. సాధారణంగా అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది తుప్పును నిజంగానే కరిగిస్తుంది, కానీ సరిగ్గా కడగకపోతే సముద్రపు ఉప్పులో ఉన్న క్లోరైడ్‌నే గుంటల్లో వదిలిపోతుంది. వారం తిరగకుండా తుప్పు మళ్లీ వస్తుంది.

కడిగి ఆరబెట్టిన ఇనుము మీద తీరప్రాంతంలో కొన్ని గంటల్లోనే నారింజరంగు పొర పడుతుంది. అందుకని శుభ్రం చేసిన భాగానికి అదే రోజు ప్రైమర్ వేయాలి. సాయంత్రం మంచు పడేలోగా అది కొంత ఆరాలి కాబట్టి పొద్దున్నే పని మొదలుపెట్టడం మేలు.

ఏ ప్రైమర్ అనేది పాత రంగును బట్టి తేలుతుంది. హైదరాబాద్, కర్నూలు వంటి లోతట్టు ఊళ్లలో గట్టిగా అంటుకొని ఉన్న పాత ఎనామిల్‌ను కాగితంతో గరుకు చేసి, తుప్పు తీసిన చోట జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, పైన రెండు పూతల సింథటిక్ ఎనామిల్ వేస్తే సరిపోతుంది. సముద్రం పక్కన మాత్రం రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ మంచిది. కానీ దాని ద్రావకాలు కింది పాత ఎనామిల్‌ను ముడతలు లేపుతాయి. పాత రంగంతా తీయగలిగితేనే ఎపాక్సీకి వెళ్లాలి. ఎండకు ఎపాక్సీ పొడిపొడిగా మారుతుంది కాబట్టి దానిమీద పాలీయురేథేన్ పూత ఉండాలి. ఫ్యాబ్రికేషన్ షాపువాళ్లు ఇచ్చే ఒక్క పూత రెడ్ ఆక్సైడ్‌ను నమ్ముకొని గేటును వానకాలమంతా వదిలేయడం పెద్ద పొరపాటు. ఆ పూత నీటిని లోపలికి పోనిస్తుంది, దానిమీద పై రంగు ఉండాల్సిందే.

అడుగు పట్టీ బోలు గొట్టమైతే లోపల నీళ్లు నిలిచి లోపలి నుంచే తినేస్తాయి. పెయింటర్ రాకముందే గొట్టం కింది వైపు రెండు చివర్లా ఒక్కో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి.

బోల్టులు, గడియలకు దారి వేరు. ఊడదీయగలిగినవాటిని రాత్రంతా తెల్ల వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, వంటసోడా కలిపిన నీటిలో ముంచి కడగాలి. వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. జారే భాగాలకు రంగు వేయకూడదు, గ్రీజు చాలు. రంగు వేయబోయే భాగానికి ఆ గ్రీజు అంటకుండా చూసుకోవాలి. బాగా తినేసిన బోల్టును బాగుచేయడం వృథా. జింక్ పూత ఉన్నదో, స్టెయిన్‌లెస్ స్టీలుదో కొత్తది బిగించండి.

ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎమ్ దాటకూడదన్న నియమం మనదేశంలో 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అలాంటి గేటును పొడిగా గీకకుండా తడిపి రుద్దండి, మాస్క్ వేసుకోండి, రాలిన పొడిని పూర్తిగా ఎత్తేయండి, పని అయ్యేదాకా పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి.