బకాయికి వయసు కట్టే పట్టీ

లండన్‌లో ఒక బ్యాంకు 1810లో దివాలా తీసింది. దాని భాగస్వాముల్లో ఒకడైన డివేన్స్ అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. క్లేటన్ అనే ఖాతాదారు తనకు రావలసినది డివేన్స్ ఆస్తిలోంచి ఇప్పించమన్నాడు. చిక్కేమిటంటే, డివేన్స్ పోయాక కూడా క్లేటన్ ఆ ఖాతాలోంచి డబ్బు తీశాడు, మళ్లీ వేశాడు. తీసుకున్న సొమ్ము పాత బాకీకి జమా, కొత్త బాకీకి జమా? ముందు పుట్టిన బాకీ ముందు తీరుతుందని 1816లో న్యాయమూర్తి విలియం గ్రాంట్ తేల్చాడు. ఆ లెక్కన డివేన్స్ నాటి బాకీ అప్పటికే తీరిపోయింది. క్లేటన్ ఓడిపోయాడు.

అదే ఆలోచన మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 61వ సెక్షన్‌గా ఉంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఏ బాకీ కిందో చెప్పకపోతే, తేదీల వరుసలో పాతదానికే ముందు చెల్లు. నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చిన విజయవాడ ఓనరుకు ఈ సెక్షన్ గురించి తెలియకపోవచ్చు గాని, అద్దె పుస్తకం రాయాలంటే దీన్ని దాటిపోలేడు.

ఒక పోర్షన్ తీసుకుందాం. అద్దె 9,000, గడువు ప్రతి నెలా 5వ తేదీ. అద్దెకున్నాయన ఏప్రిల్‌లో పూర్తిగా ఇచ్చాడు. మే 20న 4,000, జూన్ 10న 9,000 ఇచ్చాడు. జూలైలో ఏమీ ఇవ్వలేదు. జూలై 31 నాటికి రావలసినది 36,000, వచ్చినది 22,000, బకాయి 14,000. ఇంతవరకు ఏ నోటుబుక్కైనా చెబుతుంది.

ఈ 14,000 ఎంత పాతది? జూన్‌లో వచ్చిన సొమ్మును జూన్ పేరనే రాసేస్తే మే నెలది 5,000 మిగులుతుంది, దాని వయసు 87 రోజులు. పాతదానికి ముందు చెల్లు వేస్తే మే తీరిపోయి, జూన్‌ది 5,000 మిగులుతుంది, వయసు 56 రోజులు. జూలై 9,000కు ఎటైనా 26 రోజులే. మొత్తం మారలేదు, కాని ఆ 5,000 అరవై ఒకటి నుంచి తొంభై రోజుల బకెట్‌లోంచి ముప్పై ఒకటి నుంచి అరవై రోజుల బకెట్‌లోకి జారింది. అద్దె బకాయి కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే మూడేళ్లు కూడా ఆ బకాయి పడిన నాటి నుంచే నడుస్తాయి కాబట్టి వయసు ఉత్త అలంకారం కాదు.

చేత్తో ఈ చెల్లింపులన్నీ నెలనెలకూ జత చేసుకుంటూ పోవడం విసుగు పుట్టించే పని. 1979లో విజికాల్క్ వచ్చి, ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ గడులన్నీ వాటంతటవే మారే వీలు కల్పించింది. ఇప్పటి స్ప్రెడ్‌షీట్‌లో అయితే జత చేయాల్సిన అవసరమే లేదు. ఒక పట్టికలో పడిన అద్దెలు తేదీ వరుసలో (A పోర్షన్, B గడువు, C మొత్తం), పక్కన వచ్చిన సొమ్ము (E పోర్షన్, F తేదీ, G మొత్తం), J1లో లెక్క తేదీ పెట్టాలి. D2 గడిలో ఇది పెట్టి కిందికి కాపీ చేస్తే చాలు:

```
=IF(B2>$J$1,0,MAX(0,MIN(C2,SUMIFS(C$2:C2,A$2:A2,A2)
 -SUMIFS(G:G,E:E,A2,F:F,"<="&$J$1))))
```

అప్పటివరకు పడిన అద్దెల మొత్తంలోంచి వచ్చినదంతా తీసేస్తే, మన లెక్కలో ఏప్రిల్, మే వరుసలకు మైనస్ వస్తుంది, అవి సున్నా. జూన్‌కు 5,000 వస్తుంది. జూలైకి 14,000 వస్తుంది గాని, ఆ నెల అద్దె 9,000 దాటదు. వయసు J1 లోంచి B2 తీసేస్తే వచ్చేదే. బకెట్లను ఎక్కడా రాసి ఉంచకూడదు, ప్రతిసారీ లెక్క కట్టుకోవాలి. J1లో ఈ రోజు తేదీ వచ్చే ఫార్ములా పెడితే పోయిన నెల పట్టీ ఈ నెల తెరిచేసరికి వేరే అంకెలు చూపిస్తుంది. తేదీని చేత్తో రాయడమే మంచిది.

ఇక బకెట్లన్నీ కూడి, లెక్క తేదీ వరకు పడిన అద్దెలోంచి వచ్చినది తీసేస్తే మిగిలేదానితో సరిచూడండి. సరిపోకపోతే ఎవరో ముందుగానే ఎక్కువ ఇచ్చి ఉండాలి, ఫార్ములాలోని MAX దాన్ని మింగేస్తుంది. ఆ అదనాన్ని విడిగా చూపాలి. ఇంకా ప్రమాదం, ఇల్లు దిగేటప్పుడు తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సును వచ్చిన సొమ్ములో రాసేయడం. రెండు నెలల అడ్వాన్సు 18,000 అలా చేరితే పై కేసులో బకాయి పూర్తిగా మాయమై, ఎదురు 4,000 ఓనరే బాకీ ఉన్నట్టు తేలుతుంది.

ఈ ఫార్ములాకు లొంగని కేసు ఒకటుంది. అదే చట్టం 59వ సెక్షన్ ప్రకారం, ఇచ్చేవాడు ఏ బాకీ కిందో చెప్పి ఇస్తే, పుచ్చుకున్నాక దాని కిందే చెల్లు వేయాలి. చెప్పకపోతే 60వ సెక్షన్ ఆ ఎంపికను ఓనరుకు వదులుతుంది. జూన్ 10న ఫోన్‌లో డబ్బు పంపుతూ ఆయన నోట్‌లో ‘జూన్ అద్దె’ అని రాసి ఉంటే, మే నెల 5,000 మళ్లీ 87 రోజుల వయసుతో పాత బకెట్‌లోకి పోతుంది. అందుకే వచ్చిన సొమ్ము పక్కన ‘ఏ నెల కింద’ అని ఇంకో నిలువు వరుస ఉండాలి. అది ఖాళీగా ఉన్న సొమ్ముకే పై ఫార్ములా వర్తింపజేయాలి. నిండి ఉన్న సొమ్మును ముందుగా ఆ నెల అద్దెలోంచి తీసేసి, మిగిలినదే C గడిలో పెట్టాలి.